ఏ గదికి ఏ బ్లైండ్స్? సాయంత్రం ఐదింటికి తేలే లెక్క

మే నెల మూడో వారంలో సాయంత్రం 5 గంటలకు హైదరాబాద్‌లో సూర్యుడు సుమారు 22 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పటికి ఎండ పైనుంచి పడదు, ఎదురుగా వచ్చి కొడుతుంది. పడమటి కిటికీ మీద రెండడుగుల సజ్జ ఉన్నా ఆ వేళ దాని నీడ అద్దం మీద పావు మీటరు మేరే దిగుతుంది. కిటికీ ఎత్తు నాలుగడుగులైతే అందులో దాదాపు మీటరు భాగం నేరుగా ఎండలో ఉంటుంది. హాల్లో టీవీ తెర కనబడదు, సోఫా గుడ్డ రంగు వెలిసిపోతుంది, కిటికీ పక్కన కుర్చీలో ఎవరూ కూర్చోలేరు. బ్లైండ్స్ దుకాణానికి చాలామందిని నడిపించేది ఈ ఎండే.

దుకాణంలో మాత్రం ఆ ఎండ ఉండదు. ట్యూబ్‌లైట్ల కింద, గోడకు తగిలించిన నమూనాలు అన్నీ బాగానే కనిపిస్తాయి. గొలుసు లాగితే రోలర్ మెత్తగా పైకి చుట్టుకుంటుంది, రోమన్ మడతలు పొందికగా పేరుకుంటాయి, అల్యూమినియం రేకులు ఒక్క తిప్పుతో మూసుకుంటాయి. రంగు, ధర చూసి ఇంటికంతా ఒకే రకం ఆర్డరిచ్చేసి వచ్చాక అసలు సంగతి బయటపడుతుంది. ప్రతి రకానికీ చేతకాని పని ఒకటి ఉంది. అది ఒక్కో గదిలో ఒక్కో వేళకు కనిపిస్తుంది.

అందుకని ఒక మామూలు ఫ్లాటును తీసుకుని, గది గదికీ, వేళ వేళకీ లెక్క చూడటం మేలు. ఐదో అంతస్తు, రెండు పడకగదులు. హాలు పడమటికి, పెద్ద పడకగది తూర్పుకు, పిల్లల గది ఉత్తరానికి ఉన్నాయి. వంటింటి కిటికీ చిన్నది. మిగతా కిటికీలు ఐదడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. యూపీవీసీ స్లైడింగ్ తలుపులు, లోపలివైపు దోమల జాలీ, బయట ఇనుప గ్రిల్, పైన రెండడుగుల సజ్జ. మియాపూర్‌లో అయినా, విశాఖ మధురవాడలో అయినా ఇలాంటి ఫ్లాట్లు వేలల్లో ఉన్నాయి.

హాలు: రేకులకు తెలిసిన విద్య

పడమటి ఎండకు మూడింటిలో ఎక్కువ తెలివిగా పనిచేసేది వెనీషియన్ బ్లైండ్స్. అంటే అడ్డంగా ఒకదాని కింద ఒకటి వేలాడే సన్నటి రేకుల వరస. మామూలుగా దొరికే అల్యూమినియం రకంలో ఒక్కో రేకు వెడల్పు 25 మిల్లీమీటర్లు. రేకుకూ రేకుకూ మధ్య దూరం అంతకన్నా కొంచెం తక్కువగా, 21 లేదా 22 మిల్లీమీటర్లు ఉంటుంది. వీటి పనితనమంతా ఈ రెండు కొలతల్లోనే ఉంది.

రేకులను పూర్తిగా తెరిచి, నేలకు సమాంతరంగా పెట్టినా, సూర్యుడు దాదాపు 40 డిగ్రీల కన్నా ఎత్తులో ఉన్నంతసేపు నేరు ఎండ లోపలికి రాదు. పై రేకు నీడ కింది రేకు మీద పడి ఆగిపోతుంది. హైదరాబాద్‌లో మే నెలలో ఇది సుమారు మూడుముప్పావు దాకా నడుస్తుంది. బయటి దృశ్యం కనిపిస్తుంది, గాలీ వస్తుంది, ఎండ మాత్రం రాదు. ఆ తర్వాత రేకుల బయటి అంచు కిందికి, లోపలి అంచు పైకి ఉండేలా వాల్చాలి. ఐదింటికి 30 డిగ్రీలు వాలిస్తే చాలు. ఆరింటికి సూర్యుడు బాగా దిగిపోతాడు కాబట్టి 50 డిగ్రీల దాకా వాల్చాలి. ఇలా వాల్చినప్పుడు రేకుల మీద పడ్డ వెలుతురు తిరిగి ఇంటి పైకప్పు మీదికి పోతుంది. గది చీకటి కాకుండానే కళ్లకు కొట్టే ఎండ ఆగుతుంది. రోలర్ గానీ రోమన్ గానీ ఈ పని చేయలేవు. అవి దించితే మూత, ఎత్తితే ఎండ.

వాల్చే దిక్కులో ఒక తిరకాసు ఉంది. బయటి అంచు కిందికి ఉంటే, రోడ్డు మీద నిలబడి పైకి చూసేవారి చూపు సందుల్లోంచి దూరి పైకప్పు దాకా వస్తుంది. ఐదో అంతస్తులో కనిపించేది పైకప్పే కాబట్టి పర్వాలేదు. ఎదురుగా మరో ఎత్తైన భవనం ఉండి, పై అంతస్తుల వాళ్లు కిందికి చూస్తారనుకుంటే ఈ వాలు వాళ్ల చూపును అడ్డుకుంటుంది. రెండో దిక్కుకు, అంటే లోపలి అంచు కిందికి వాలిస్తే, కింది నుంచి చూసేవారికి ఏమీ కనబడదు. కానీ మధ్యాహ్నపు వెలుగు జారుడు బల్ల మీద జారినట్టు నేరుగా నేల మీదికి దిగుతుంది. అందుకే మొదటి అంతస్తు ఇంటికీ, పదో అంతస్తు ఇంటికీ ఒకే వాలు పనికిరాదు.

ఇక నిరాశ. నాలుగడుగుల కిటికీకి 55 పైచిలుకు రేకులు పడతాయి. ప్రతి రేకుకూ రెండు పక్కలు. రోడ్డు పక్క ఫ్లాట్లలో దుమ్ము వారానికే పొరగా పేరుకుంటుంది. తుడవకపోతే తెల్ల రేకులు బూడిద రంగుకు తిరుగుతాయి, గట్టిగా తుడిస్తే పల్చటి అల్యూమినియం వంగుతుంది. ఒకసారి వంకర పడ్డ రేకు మళ్లీ తిన్నగా రాదు, అక్కడి నుంచి ఎండ గీతలా దూసుకొస్తుంది. చేత్తో రెండు రేకులను విడదీసి బయటికి తొంగిచూసే అలవాటు ఇంట్లో ఒక్కరికున్నా ఈ వంకరలు తప్పవు. రేకు రేకుకూ తాడు దూరే చిల్లులుంటాయి. పూర్తిగా మూసినా ఆ చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు కనిపిస్తూనే ఉంటాయి. కిటికీ తెరిచి ఫ్యాన్ వేస్తే టకటకమని చప్పుడు సరేసరి.

చెక్క బద్దలతో చేసిన 50 మిల్లీమీటర్ల రకానికి చూపు ఎక్కువ, చప్పుడు తక్కువ, తుడవాల్సిన బద్దలు సగమే. కానీ అది బరువు. నాలుగడుగుల కిటికీకి పూర్తిగా ఎత్తితే బద్దలన్నీ పైన మందంగా పేరుకుంటాయి. వానాకాలపు తేమకు చెక్క వంపు తిరగవచ్చు. దాని బదులు అమ్మే ప్లాస్టిక్ నకలు చెక్క తేమకు తట్టుకుంటుంది గానీ చెక్క కన్నా బరువెక్కువ. పొడవాటి బద్దలు ఎండ వేడికి మధ్యలో కుంగే అవకాశమూ ఉంది. ఐదడుగుల వెడల్పుకు నకలు చెక్క కొనేవారు మధ్యలో ఎన్ని తాళ్ల ఆసరా ఇస్తున్నారో లెక్కపెట్టి చూసుకోవాలి. ఆసరాల మధ్య దూరం పెరిగేకొద్దీ కుంగుడూ పెరుగుతుంది.

అదే హాలు, రాత్రి ఎనిమిదింటికి

రేకులు తుడిచే ఓపిక లేనివారికి దుకాణదారు చూపేది సన్‌స్క్రీన్ గుడ్డతో చేసిన రోలర్. ప్లాస్టిక్ పూత పూసిన పాలిస్టర్ లేదా ఫైబర్‌గ్లాస్ దారాలతో నేసిన జల్లెడ గుడ్డ అది. నమూనా పుస్తకంలో 1 శాతం, 3 శాతం, 5 శాతం, 10 శాతం అని రాసి ఉంటుంది. ఆ గుడ్డ విస్తీర్ణంలో ఎంత భాగం ఖాళీ రంధ్రాలో చెప్పే అంకె అది. అంకె పెరిగితే బయటి దృశ్యం బాగా కనిపిస్తుంది, ఎండా అంతే ఎక్కువగా వస్తుంది.

ఉత్తరపు కిటికీకి 5 శాతం గుడ్డ హాయిగా ఉంటుంది. పడమటి కిటికీలో అదే గుడ్డ వేస్తే, ఐదున్నరకు సూర్యబింబం గుడ్డ వెనక నుంచి చురుక్కుమని కనిపిస్తూనే ఉంటుంది. అక్కడ 3 శాతం గానీ, ఇంకా తక్కువ గానీ కావాలి. రంగు విషయంలో చాలామంది ఊహించేది తలకిందులుగా ఉంటుంది. ముదురు రంగు గుడ్డ గుండా దృశ్యం స్పష్టంగా కనిపిస్తుంది. తెల్ల గుడ్డ మీద ఎండ పడితే అదంతా పాలలా మెరిసి బయటి దృశ్యాన్ని చెరిపేస్తుంది. వేడిని తిప్పికొట్టడంలో మాత్రం తెల్లదే మెరుగు. రెండూ కావాలంటే అద్దం వైపు లేత రంగు, గది వైపు ముదురు రంగు ఉండే గుడ్డ అడగాలి. అది అన్ని దుకాణాల్లో దొరకదు, దొరికితే ఖరీదెక్కువ.

సన్‌స్క్రీన్ అసలు దెబ్బ రాత్రి తెలుస్తుంది. పగలు బయట వెలుతురు ఎక్కువ, లోపల తక్కువ. అందుకే లోపలివారికి వీధి కనిపిస్తుంది, వీధిలోవారికి ఇల్లు కనబడదు. చీకటి పడి హాల్లో లైటు వేయగానే ఇది తిరగబడుతుంది. ఎదుటి బాల్కనీలో నిలబడ్డవారికి సోఫాలో ఎవరు కూర్చున్నారో, టీవీలో ఏం నడుస్తోందో తెలిసిపోతుంది. లోపలివారికేమో గుడ్డ మూసే ఉన్నట్టు కనబడుతుంది కాబట్టి ఈ సంగతి వాళ్లకు చాలాకాలం తెలియదు. దీన్ని పరీక్షించడం తేలిక. అడుగు పొడుగు నమూనా ముక్క తెచ్చుకుని, రాత్రి లైటు వేసి, కిటికీకి అతికించి, బాల్కనీలోకో ఎదుటి మెట్లమీదికో వెళ్లి చూడాలి. హాలుకు సన్‌స్క్రీన్ నచ్చినవారు రాత్రికి దాని ముందు ఒక మామూలు కర్టెన్ వేసుకోక తప్పదు.

ఈ మధ్య విరివిగా అమ్ముడవుతున్న జీబ్రా బ్లైండ్స్ కూడా రోలర్ కుటుంబమే. ఒక మందపు పట్టీ, ఒక పల్చటి పట్టీ చొప్పున నేసిన గుడ్డ రెండు పొరలుగా వేలాడుతుంది. పట్టీలను ఎదురెదురుగా జరిపితే మూత, ఒకదాని వెనక ఒకటి వచ్చేలా జరిపితే తెరుపు. రేకుల వెసులుబాటు కొంత, రోలర్ సౌలభ్యం కొంత దొరుకుతాయి. కానీ పట్టీల అంచులు సరిగ్గా కలిసిన చోట సన్నటి వెలుగు గీతలు మిగులుతాయి. ఇక గాలి కోసం కిటికీ తెరిస్తే రెండు పొరలూ రెండు దారుల్లో ఊగుతాయి.

గాలి మాటకొస్తే, ఏ రోలర్‌కైనా అది బలహీనతే. కింద ఒక కడ్డీ బరువు తప్ప గుడ్డను పట్టి ఉంచేదేమీ లేదు. సాయంత్రం కిటికీ తెరిస్తే గుడ్డ గదిలోకి ఉబ్బుతుంది, గాలి ఆగగానే వెళ్లి జాలీకి అతుక్కుంటుంది, కడ్డీ ఫ్రేముకు ఠపఠపా కొట్టుకుంటుంది. పగలంతా అద్దాలు మూసి ఏసీ వేసుకునే ఆఫీసులకు ఇది సమస్య కాదు. పొద్దునా సాయంత్రం కిటికీలు బార్లా తెరిచే ఇళ్లకు సమస్యే.

మరి వేడి? ఈ విషయంలో మూడు రకాలూ కొంత నిరాశపరుస్తాయి. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాకే బ్లైండ్స్‌కు తగులుతుంది. తెల్ల గుడ్డ కొంత వెలుగును వెలుగుగానే బయటికి తిప్పి పంపుతుంది. మిగిలింది గుడ్డను వేడెక్కిస్తుంది, ఆ వేడి గదిలోనే ఉండిపోతుంది. వట్టివేళ్ల తడికలను, వెదురు తెరలను వరండా బయటివైపు కట్టడంలోని మేలు ఇదే. ఎండ గోడ దాకా రాకముందే ఆగుతుంది. పడమటి వైపు బాల్కనీ ఉంటే దాని అంచున వెదురు తెర ఒకటి వేసి, లోపల మామూలు రోలర్ పెట్టుకున్న ఇల్లు, ఖరీదైన రోలర్ ఒక్కటే పెట్టుకున్న ఇంటి కన్నా చల్లగా ఉంటుంది.

తూర్పు పడకగది: ఉదయం ఆరింటికి

ఎండాకాలంలో హైదరాబాద్‌లో ఆరు కాకముందే సూర్యోదయం. అమెరికా వేళలకు పనిచేసి తెల్లవారుజామున ఇంటికొచ్చే ఐటీ ఉద్యోగులున్న ఇళ్లలో ఈ గదికి చీకటి కావాలి. ‘బ్లాకౌట్’ రోలర్ అంటే పూర్తి చీకటి అనుకుని కొంటారు. గుడ్డ వరకూ అది నిజమే, దాని గుండా వెలుగు రాదు. అయితే గుడ్డ ఎప్పుడూ దాన్ని మోసే గొట్టం, బ్రాకెట్ల కన్నా కురచగా ఉంటుంది. కిటికీ గూటి లోపల బిగిస్తే ఒక్కో పక్క సుమారు 15 నుంచి 20 మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. గొలుసు ఉన్న పక్క ఇంకాస్త ఎక్కువ. ఉదయం ఆరున్నరకు ఆ రెండు సందులు రెండు ట్యూబ్‌లైట్లలా వెలుగుతాయి.

దీనికి దారి గూటి లోపల కాకుండా గోడ మీద బిగించడం. రెండు పక్కలా నాలుగేసి అంగుళాలు, పైన కనీసం నాలుగంగుళాలు, కింద కూడా అంతే అదనంగా ఉండేలా గుడ్డ తీసుకోవాలి. అలా చేసినా గుడ్డకూ గోడకూ మధ్య పక్కనుంచి కొంత వెలుగు చేరుతుంది, కాకపోతే నేరుగా కళ్ల మీద పడదు. అదీ వద్దంటే గుడ్డ అంచులు దూరి జారే పక్క పట్టాలు వేయించుకోవచ్చు. లేదా రోలర్ మీద మందపు కర్టెన్ వేస్తే అంతకన్నా చవకలో పని అవుతుంది.

ఐదడుగుల వెడల్పు రోలర్‌కు ఇంకో చిక్కు ఉంది. సన్నటి గొట్టం వాడితే గుడ్డ బరువుకు అది మధ్యలో కాస్త వంగుతుంది. గుడ్డ మీద ముడతలు ఏర్పడతాయి. వెడల్పాటి కిటికీకి మందపు గొట్టం అడగాలి. బ్రాకెట్లు రెండూ ఒకే మట్టంలో లేకపోతే గుడ్డ చుట్టుకునేటప్పుడు ఒక పక్కకు నడుస్తుంది. పదిసార్లు ఎత్తి దించేసరికి అంచు బ్రాకెట్‌కు ఒరుసుకుని దారాలు లేస్తాయి. బిగించిన రోజే మట్టం పెట్టి చూడమనాలి. మట్టం సరిగ్గానే ఉన్నా గుడ్డ పక్కకు నడుస్తుంటే, దాన్ని పూర్తిగా దించి, అది ఏ పక్కకు పోతోందో దానికి ఎదుటి కొసన ఖాళీ గొట్టం మీద చిన్న టేపు ముక్క అతికిస్తారు. ఆ కొస కాస్త లావై గుడ్డను తనవైపు లాక్కుంటుంది.

రోమన్: అందానికి పెట్టే ఖర్చు

గుడ్డ అందం కావాలనుకునేవారు రోమన్ వైపు చూస్తారు. పోచంపల్లి ఇక్కత్, కలంకారీ, మంగళగిరి నూలు లాంటివి చదరంగా పరుచుకుని కనిపించేది ఇందులోనే. కర్టెన్‌లో గుడ్డ కుచ్చిళ్లలో దాగిపోతుంది. రోమన్‌లో నేత నమూనా అంతా బొమ్మ కట్టినట్టు విప్పారుతుంది. గుడ్డ వెనక అడ్డంగా సన్నటి కడ్డీలు, వాటికి చిన్న రింగులు, రింగుల గుండా తాళ్లు ఉంటాయి. తాడు లాగితే కడ్డీ కడ్డీకీ ఒక మడత పడుతూ పైకి పేరుకుంటుంది.

మొదటి నిరాశ ఆ పేరుకున్న మడతలే. కడ్డీలు 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఒక్కో మడత పన్నెండు, పదమూడు సెంటీమీటర్లు వేలాడుతుంది. పైన పట్టీ, కింద మిగిలే అంచు కలిపితే పూర్తిగా ఎత్తిన రోమన్ 20 నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తున కిటికీ తలమీద కూర్చుంటుంది. నాలుగడుగుల కిటికీలో అది ఐదో వంతు. అసలే సజ్జ ఉన్న కిటికీలో పైభాగపు ఆకాశపు వెలుగు కూడా పోతే గది మసకబారుతుంది. ఫ్లాట్లలో కిటికీ లింటెల్ సాధారణంగా ఏడడుగుల దగ్గర ఉంటుంది, దాని పైన గోడ ఇంకా రెండు మూడడుగులు ఉంటుంది. కాబట్టి రోమన్‌ను గూటిలో కాక, లింటెల్‌కు పైన తొమ్మిది పది అంగుళాలు ఎత్తి గోడకు బిగించుకోవాలి. అప్పుడు మడతలు గోడ మీద పేరుకుంటాయి, అద్దం మొత్తం ఖాళీ అవుతుంది.

రెండోది గుడ్డ పన్నా. చేనేత తానులు ఎక్కువగా 44 నుంచి 48 అంగుళాల పన్నాలో దొరుకుతాయి. ఐదడుగుల కిటికీకి పక్కల అదనం కలిపితే 68 అంగుళాలు కావాలి. అతుకు తప్పదు. మధ్యలో నిలువునా అతుకు వేస్తే ఎండ వెనక నుంచి పడినప్పుడు అది నల్లటి గీతలా కనిపిస్తుంది. అనుభవమున్న దర్జీ నిండు పన్నాను మధ్యలో ఉంచి, ఇరుపక్కలా సమానమైన ముక్కలు అతుకుతాడు. ఇంకా మేలైన పద్ధతి స్లైడింగ్ తలుపులు రెండింటికీ రెండు వేరు వేరు రోమన్లు కుట్టించడం. ఒక పక్క దించి, రెండో పక్క ఎత్తి పెట్టుకునే వీలు కూడా దొరుకుతుంది. ఇక్కత్ లాంటి గళ్ల నమూనాకు రెండింటి గళ్లూ ఒకే వరసలో రావాలి కాబట్టి గుడ్డ కాస్త ఎక్కువ కొనాలి.

మూడోది ఉతుకు. రోమన్‌ను కర్టెన్‌లా కొక్కేలు తీసి మిషన్‌లో పడేయడం కుదరదు. పైన వెల్క్రోతో అతికించిన రకమైతే గుడ్డ ఊడదీయవచ్చు, కడ్డీలన్నీ ఒక్కోటే లాగాలి, ఉతికాక మళ్లీ దూర్చాలి. నూలు గుడ్డ నూటికి మూడు వంతులు కుదించుకుపోయినా 120 సెంటీమీటర్ల పొడవులో మూడున్నర సెంటీమీటర్లు తగ్గుతుంది. పై గుడ్డ ఒకలా, వెనక అస్తరు ఒకలా కుదించుకుంటే మడతలు వంకరపోతాయి. కుట్టించే ముందే గుడ్డనూ అస్తరునూ నానబెట్టి ఆరేసి ఇస్తే ఈ బాధ సగం తగ్గుతుంది. అస్తరు వద్దనుకోవడం మాత్రం పొదుపు కాదు. అస్తరు లేని నూలు గుడ్డ పడమటి కిటికీలో రంగు వెలిసి, దారం బలం కోల్పోతుంది.

తూర్పు పడకగదికి బ్లాకౌట్ అస్తరు వేసిన రోమన్ చీకటినిస్తుంది, రోలర్ కన్నా గోడకు దగ్గరగా ఆనుకుని ఉంటుంది. అయితే కడ్డీల కోసం వేసిన కుట్టు వెంట సూది దూరిన ప్రతి చోటా ఒక చిన్న వెలుగు చుక్క కనిపిస్తుంది. కుట్టు లేకుండా అంటించే పట్టీలతో కడ్డీలు అమర్చగలరేమో కుట్టేవారిని ముందే అడగాలి.

వంటింట్లో పోపు లెక్క

వంటింట్లో రోమన్ వద్దు. పోపు నూనె ఆవిరి గుడ్డ మడతల్లోకి వెళ్తే, దాని మీద దుమ్ము పడి జిడ్డుగా గట్టిపడుతుంది. వాసన కూడా పట్టుకుంటుంది. అల్యూమినియం రేకులు తుడవగలిగినవే, కానీ జిడ్డు పట్టిన రేకును పొడి గుడ్డ కదిలించలేదు. సబ్బునీళ్లతో రేకు రేకూ తుడవాలి. చిన్న కిటికీయే కాబట్టి రేకులు తక్కువ, అయినా నెలకోసారి ఆ పని ఎవరు చేస్తారన్నది ముందే తేల్చుకోవాలి. పొయ్యికి దూరంగా, సింకు మీదున్న కిటికీకి ప్లాస్టిక్ పూత గుడ్డతో చేసిన రోలర్ నయం. అది ఒకే పలక, తడిగుడ్డతో రెండు నిమిషాల్లో తుడవచ్చు. పొయ్యికి నేరుగా పైనో, చెయ్యి చాపితే అందే దూరంలోనో కిటికీ ఉంటే ఏ రకమూ వేలాడదీయకూడదు. గాలికి గుడ్డ మంట మీదికి ఊగే ప్రమాదం ఉంది. అక్కడ అద్దానికి పాలరంగు ఫిల్మ్ అంటిస్తే సరిపోతుంది.

స్నానాల గదికీ ఇదే మాట. అక్కడ చెక్క వంకరపోతుంది, గుడ్డ కింది అంచున బూజు పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర పట్టణాల్లో ఉప్పుగాలి ఇంకో పని పెడుతుంది. ఇనుప స్ప్రింగులు, పై పట్టీ స్క్రూలు తుప్పు పడతాయి. గొలుసు ప్లాస్టిక్‌దో స్టెయిన్‌లెస్ స్టీల్‌దో అయి ఉండాలి.

పిల్లల గదిలో తాడు

ఉత్తరపు గదిలో ఎండ బాధ లేదు. అక్కడ ఏ రకం వేసినా వెలుగు విషయంలో ఇబ్బంది ఉండదు. చూడాల్సింది తాడు. రోలర్ గొలుసు చుట్టుగా, కొసలు కలిసి వేలాడుతుంది. రోమన్ వెనక తాళ్లు రింగుల మధ్య ఉచ్చుల్లా ఉంటాయి. రేకుల బ్లైండ్స్‌కు ఎత్తే తాడు పక్కన జారి ఉంటుంది. మంచమెక్కి ఆడుకునే పసిపిల్లల మెడకు ఇవి చుట్టుకుని ప్రాణాలు పోయిన ఘటనలు చాలా దేశాల్లో నమోదయ్యాయి. అమెరికాలో దుకాణాల్లో రెడీమేడ్‌గా అమ్మే బ్లైండ్స్ తాడు లేకుండా, లేదా పిల్లల చేతికి తాడు అందకుండా ఉండాలన్న ప్రమాణం 2018 చివరి నుంచి అమల్లోకి వచ్చింది. బ్రిటన్‌లో గొలుసు కింది కొస నేల నుంచి కనీసం మీటరున్నర ఎత్తులో ఉండాలని, లేదా అది గోడకు బిగుతుగా పట్టి ఉండాలని నియమం. అక్కడ స్థిరపడ్డ తెలుగువారికి ఈ సంగతి ఇల్లు తీసుకునేటప్పుడే తెలుస్తుంది.

ఇక్కడ అడగకపోతే చెప్పేవారు తక్కువ. స్ప్రింగుతో పనిచేసే, కింది కడ్డీ పట్టుకుని ఎత్తే తాడు లేని రోలర్ దొరుకుతుంది. పిల్లల గదికి అదే మంచిది. ఐదడుగుల వెడల్పుకు దాన్ని రెండు చేతులతో సమంగా ఎత్తాలి, ఒక మూల పట్టి లాగితే గుడ్డ వంకరగా చుట్టుకుంటుంది. గొలుసు రకమే తీసుకుంటే గొలుసును గోడకు బిగుతుగా పట్టి ఉంచే ప్లాస్టిక్ పట్టు పెట్టించాలి. మంచాన్ని కిటికీ కింద నుంచి జరపాలి.

కొలత, బిగింపు, బిల్లు

ఫ్లాటు లెక్క ఇలా తేలుతుంది. పడమటి హాలుకు అల్యూమినియం రేకులు, తుడిచే ఓపిక లేకపోతే 3 శాతం సన్‌స్క్రీన్, రాత్రికి కర్టెన్. తూర్పు పడకగదికి గోడ మీద బిగించిన బ్లాకౌట్ రోలర్ లేదా అస్తరున్న రోమన్. పిల్లల గదికి తాడు లేని రోలర్. వంటింటికి తుడవగల రోలర్. ఎండ తగలని, పొయ్యికి దూరమైన భోజనాల గది లాంటిది ఉంటే ఇక్కత్ రోమన్ అక్కడ ఎక్కువ కాలం మన్నుతుంది.

గూటి లోపల బిగించేదైతే వెడల్పు పైన, మధ్యన, కింద మూడు చోట్ల కొలిచి, వాటిలో చిన్నదాన్ని ఇవ్వాలి. ప్లాస్టరింగ్ చేసిన గూడు అంతటా ఒకే కొలతలో ఉండటం అరుదు. ఒక మూల నుంచి ఎదుటి మూలకు రెండు వైపులా కొలిస్తే గూడు చదరంగా ఉందో లేదో తెలుస్తుంది. రెండు కొలతలూ అరంగుళం కన్నా ఎక్కువ తేడాగా ఉంటే గూటిలో కాక గోడకు బిగించడమే మేలు. తలుపు లోపలికి తెరుచుకునే పాతకాలపు చెక్క కిటికీలకు గూటిలో బిగించడం అసలే కుదరదు.

లింటెల్ కాంక్రీటు కాబట్టి హామర్ డ్రిల్లు కావాలి. మేకు కొట్టి సరిపెట్టే పని కాదు. జిప్సం ఫాల్స్ సీలింగ్‌కు బ్లైండ్స్ బిగించమంటే ఒప్పుకోకూడదు. జిప్సం బోర్డు స్క్రూను పట్టి ఉంచదు, చెక్క రకం బరువుకు కొన్నాళ్లకే ఊడి వస్తుంది. ఫాల్స్ సీలింగ్ వేయించేటప్పుడే కిటికీ వరసలో లోపల ప్లైవుడ్ పట్టీ పెట్టించి ఉండాలి, లేదంటే పక్క గోడకే బిగించాలి. యూపీవీసీ ఫ్రేములో రంధ్రాలు వేసే ముందు కిటికీ వారంటీ కాగితం చూసుకోవాలి.

బిల్లు చదరపు అడుగు లెక్కన ఉంటుంది. చాలామంది డీలర్లు చిన్న కిటికీకి కూడా కనీస విస్తీర్ణం ఒకటి వేస్తారు. రెండడుగులకు రెండడుగుల వంటింటి కిటికీ నాలుగు చదరపు అడుగులే అయినా బిల్లులో అంతకు రెండింతలో మూడింతలో కనిపించవచ్చు. కొలతను పై అంగుళానికి సవరించే పద్ధతీ ఉంది. ధర చెప్పించుకునేటప్పుడే కనీస విస్తీర్ణం ఎంత, బిగింపు ఛార్జీ అందులో కలిసిందా, గొలుసు తిప్పే క్లచ్ పాడైతే విడిగా మారుస్తారా అన్న మూడు ప్రశ్నలకు జవాబులు కొటేషన్ కాగితం మీదే రాయించుకోవాలి. క్లచ్ ప్లాస్టిక్ భాగం, అది విరిగితే గుడ్డ బాగున్నా రోలర్ పైకి లేవదు. విడిభాగం అమ్మని డీలర్ దగ్గర కొన్నవారు చిన్న భాగం కోసం మొత్తం బ్లైండ్ మార్చుకోవాల్సి వస్తుంది.